పుస్తకం మూసి చెప్పు

ఆదివారం పొద్దున్నే, రెండో కాఫీ ఇంకా పూర్తికాలేదు. ఫోను మోగింది. అవతల ఓ పెద్దావిడ గొంతు.

"బాబూ, పేపర్లో బొమ్మ వేశారు, సంతోషం. కానీ నా బొమ్మ కింద మా తోటికోడలి పేరు పెట్టారేంటి? నలభై ఏళ్లుగా మగ్గం మీద కూర్చున్నది నేను. ఆసు పోసేది ఆవిడ. మీరేమో తిరగేసి రాశారు."

మంగళగిరి చేనేత మీద ఆ వారం నేను రాసిన కథనం అది. రెండు ఫొటోలు, రెండు పేర్లు... అటుది ఇటు, ఇటుది అటు. ఫొటోగ్రాఫర్ వివరాలు సరిగ్గానే పంపాడు. పేజీలో పెట్టించింది నేనే, చూసింది నేనే, సరే అని పంపించిందీ నేనే. ఆవిడకు క్షమాపణ చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. అదే ఇబ్బంది. "పది కాపీలు కొనిపించాను బాబూ, మనవరాలి అత్తారింటికి పంపుదామని. ఇప్పుడేం పంపను?" అంది.

తర్వాతి వారం సవరణ వేశాం. పేజీ అడుగున మూడు లైన్లు. పది కాపీలకు అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

ఆ రాత్రి ఏదో వెతుకుతుంటే అలమారలో ఓ పుస్తకం చేతికి తగిలింది. అతుల్ గవాండే అనే సర్జన్ రాసిన 'ద చెక్‌లిస్ట్ మేనిఫెస్టో'. 2009లో వచ్చిన పుస్తకం. పని బాగా తెలిసినవాళ్లే చిన్న చిన్న విషయాలు ఎందుకు మరిచిపోతారు, ఓ చిన్న కాగితం దాన్ని ఎలా ఆపగలదు అన్నదే అందులో విషయం. నేను చదివి ఆరు నెలలైంది. పేజీల నిండా ఆకుపచ్చ గీతలు, అన్నీ నేను గీసినవే. ఒకచోట మార్జిన్‌లో నా చేతిరాత: 'మా డెస్కుకు పనికొస్తుంది!' పక్కన ఆశ్చర్యార్థకం కూడా ఉంది.

సవరణ వేసినప్పటికంటే అది చూసినప్పుడే ఎక్కువ సిగ్గేసింది. మందు ఇంట్లోనే ఉంది, సీసా మూత తీయలేదంతే.

* * *

కథలూ నవలలూ సంగతి వేరు. వాటిని చదివి మరిచిపోయినా నష్టం లేదు, చదువుతున్నప్పటి ఆనందం మనకు దక్కింది కదా! కానీ పని గురించో, డబ్బు గురించో, పిల్లల పెంపకం గురించో ఓ పుస్తకం కొన్నామంటే ఏదో పనికొస్తుందనే కొంటాం. మూడొందలు పెట్టి, వారం రోజులు కూర్చుని, గీతలు గీసి... చివరకు ఎవరైనా 'ఎలా ఉంది?' అంటే 'చాలా బావుంది' అనే ఒక్క ముక్క మిగులుతుంది.

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా బాబాయి. తెనాలిలో ఉంటాడు. ముప్పై ఏళ్లు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆ ఫోను వచ్చిన నెలలోనే ఓ గృహప్రవేశానికి వెళ్తూ సిగ్గుకొద్దీ ఆ పుస్తకాన్ని మళ్లీ చదువుదామని సంచిలో పెట్టుకెళ్లాను. భోజనాలయ్యాక నా చేతిలో చూసి అడిగాడు.

"ఏముందిరా అందులో?"

"చెక్‌లిస్టుల గురించి బాబాయ్. చాలా బావుంటుంది."

"బావుంటుందని నువ్వంటున్నావు. ఏముందో చెప్పు. పుస్తకం మూసెయ్."

విమానాలన్నాను, ఆపరేషన్ థియేటర్లన్నాను. లిస్టు రాసుకుంటే మంచిదన్నాను. రెండు నిమిషాల్లో సరుకైపోయింది.

"ఎన్నోసారి చదవడం?"

"రెండోసారి."

"నేను పిల్లల్ని అప్పజెప్పమనేవాణ్ని కాదురా. పుస్తకం మూసి, వాళ్ల మాటల్లో చెప్పమనేవాణ్ని. ఎక్కడ ఆగిపోతాడో అక్కడే వాడికి పాఠం రాలేదని లెక్క" అని ఆకు చిలక నోట్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

బాబాయి చెప్పినదానికి పరిశోధనల్లో పెద్ద దన్నే ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఓ ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. విద్యార్థులకు చిన్న చిన్న పాఠాలిచ్చారు. కొందరు అదే పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక్క విడత చదివి, తర్వాత మూడు విడతలు కాగితం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి: వాళ్లు 83 శాతం గుర్తుపెట్టుకుంటే, రాసినవాళ్లు 71. వారం ఆగి పరీక్ష పెట్టేసరికి తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతం మిగిలింది, మూసి రాసినవాళ్లకు 61.

ఇందులో నన్ను పట్టుకున్నది ఆ మొదటి ఐదు నిమిషాల లెక్క. చదివిన వెంటనే మనకు అంతా వచ్చేసినట్టే ఉంటుంది, నిజంగానే వస్తుంది కూడా. అందుకే మోసపోతాం. నా ఆకుపచ్చ గీతలన్నీ ఆ ఐదు నిమిషాల ధీమాతో గీసినవే.

* * *

తెనాలి నుంచి వచ్చాక రెండొందల పేజీల నోటు పుస్తకం ఒకటి కొన్నాను. తెరిస్తే ఎదురుగా రెండు పేజీలుంటాయి కదా, ఎడమ పేజీ పుస్తకానికి, కుడి పేజీ నాకు. పద్ధతి అంతే. అది ఎలా నడిచిందో ఆ ఒక్క పుస్తకంతోనే చెబుతాను.

అందులో 1935 నాటి విమానం కథ ఉంది. అమెరికా సైన్యం కోసం బోయింగ్ తయారుచేసిన కొత్త బాంబర్. ఒహాయోలో పరీక్షకు పెడితే లేచిన కాసేపటికే కూలిపోయింది. అధ్యాయం చదివాక పుస్తకం మూసి ఎడమ పేజీలో ఇలా రాశాను: 'కొత్త విమానం. పైలట్ అనుభవం ఉన్నవాడే. రెక్కల దగ్గరో తోక దగ్గరో ఒక లాక్ తీయడం మరిచాడు. అప్పటి నుంచి లిస్టు పెట్టారు.' నాలుగు లైన్లు. బాబాయి దగ్గరకంటే నయమే.

తర్వాత పుస్తకం తెరిచి చూశాను. ఎర్ర పెన్నుతో రెండు దిద్దుబాట్లు పడ్డాయి. ఒకటి: ఆ ప్రమాదం తర్వాత వాళ్లు పైలట్లకు శిక్షణ పెంచలేదు. ఎందుకంటే నడిపినవాడు అప్పటికే ఆరితేరినవాడు, అంతకంటే ఎక్కువ శిక్షణ ఏం ఇస్తారు! అసలు కీలకం ఇదే, నేను రాసిందాంట్లో ఇదే లేదు. రెండు: ఆ లిస్టు ఓ చిన్న కార్డు మీద పట్టేంత పొట్టిది. నేను ఉత్త 'లిస్టు' అని రాశాను. పొట్టిది అన్నమాట ఎంత ముఖ్యమో తర్వాత వారంలో నాకే తెలిసొచ్చింది.

ఈ ఎర్ర దిద్దుబాట్లే నోట్సు ప్రాణం. పుస్తకం ముందు పెట్టుకుని రాస్తే తప్పు పడదు, తప్పు పడకపోతే ఏది రాలేదో తెలియదు. మనం ఎత్తి రాసుకున్న వాక్యం మన చేతికి తెలుస్తుంది కానీ బుర్రకు తెలియదు. చదవగానే కాక మర్నాడు పొద్దున రాస్తే దిద్దుబాట్లు ఇంకా ఎక్కువ పడతాయి, పడనివ్వండి.

పాత పత్రికల వాళ్లకు ఈ సంగతి తెలుసు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో బోస్టన్‌లో అన్నగారి ప్రెస్సులో పనిచేసేవాడు. లండన్ నుంచి వచ్చే 'స్పెక్టేటర్' వ్యాసాలంటే ఆయనకు పిచ్చి. ఒక్కో వాక్యంలోని భావానికి చిన్న గుర్తు రాసుకునేవాడు. కొన్నాళ్లు పక్కన పెట్టేసేవాడు. తర్వాత మూలం చూడకుండా, ఆ గుర్తుల ఆధారంగా వ్యాసం మొత్తం తన మాటల్లో మళ్లీ రాసి, అప్పుడు అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. ఈ సంగతులన్నీ ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. కొన్నాళ్లు ఆగడం అన్నదే అందులో కిటుకు. నేను ఒక్క రాత్రి ఆగుతున్నాను, అంతకంటే ఓపిక లేదు.

* * *

ఎడమ పేజీ నిండాక ఓ చిక్కు వస్తుంది. పుస్తకం పూర్తయ్యేసరికి పాతిక ముప్పై విషయాలు పోగవుతాయి. అన్నీ చేసేద్దామనిపిస్తుంది. అలా అనుకున్న వారం ఒక్కటీ చెయ్యం.

ఏరుకోవడానికి నాకు గాంధీగారి దగ్గర ఓ ఉపాయం దొరికింది. 1904లో ఆయన జొహెనెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కు రైల్లో వెళ్తుంటే మిత్రుడు పోలాక్ స్టేషన్లో ఓ పుస్తకం చేతిలో పెట్టాడు. జాన్ రస్కిన్ రాసిన 'అన్‌టు దిస్ లాస్ట్'. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. ఆ పుస్తకం సారాన్ని ఆయన మూడంటే మూడు ముక్కల్లోకి దించాడు. అందరి మేలులోనే ఒకరి మేలు ఉందన్నది ఒకటి, లాయరు పనికీ మంగలి పనికీ విలువ ఒకటేనన్నది రెండోది, చేతులతో కష్టపడే బతుకే బతుకన్నది మూడోది. అంతటితో ఆగలేదు. మొదటిది నాకు ముందే తెలుసు, రెండోది లీలగా తెలుసు, మూడోది ఎప్పుడూ తట్టనే లేదు అని లెక్క తేల్చుకున్నాడు. ఆ ఏడాదే పత్రికనూ ప్రెస్సునూ డర్బన్ దగ్గరి ఫీనిక్స్ అనే పొలానికి మార్చేశాడు.

మనం బతుకు మొత్తం మార్చుకోలేకపోవచ్చు. ఆ మూడు గుర్తులు మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. నా ఎడమ పేజీలో ఒక్కో లైను పక్కన 'తెలుసు', 'లీలగా', 'తట్టలేదు' అని రాస్తాను. చాలామంది 'తట్టలేదు' అన్న దాని వెంట పడతారు, కొత్తది కాబట్టి. నా అనుభవంలో ఆ వారానికి ఎంచుకోవాల్సింది 'తెలుసు' అని రాసినవాటిలోనే ఉంటుంది. తెలుసు, కానీ చెయ్యడం లేదు. మూడుసార్లు చూసి పంపాలని నాకు తెలియదా! తెలిసీ మంగళగిరి పెద్దావిడ పేరు తారుమారు చేశాను.

ఎంచుకున్నదాన్ని కుడి పేజీ మీదికి తెస్తే అది కోరికలా కాక పనిలా ఉండాలి. 'ఇకపై జాగ్రత్తగా చూడాలి' అని రాస్తే దానికి గంటా లేదు, చోటూ లేదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పనిచేశాడు. ఫలానాది ఎదురైనప్పుడు ఫలానాది చేస్తాను అని ముందే ముడివేసుకున్నవాళ్లు, ఉత్త సంకల్పం చెప్పుకున్నవాళ్ల కంటే ఎక్కువగా ఆ పని చేస్తారని చూపించాడు. నా కుడి పేజీలో ఇలా పడింది: 'డీటీపీ నుంచి ఫైనల్ ప్రింటవుట్ నా బల్ల మీదికి వచ్చినప్పుడు, సంతకం పెట్టే ముందు, నిలబడి లిస్టు చూస్తాను. సోమవారం నుంచి శనివారం వరకు.' నిలబడి అని ఎందుకు రాశానంటే, కూర్చుంటే ఫోను చూస్తాను.

కింద ఆరు గళ్లు గీశాను, రోజుకొకటి. ఆదివారం అనుబంధమే కాక రోజూ ఒక ఫీచర్ పేజీ నా చేతి మీదుగా వెళ్తుంది కాబట్టి ఆరు రోజులూ పనే.

* * *

సోమవారం. ఉత్సాహం కొద్దీ లిస్టులో 17 అంశాలు రాశాను. అక్షరదోషాల నుంచి కార్టూన్ సైజు దాకా అన్నీ. చూసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది, పేజీ ఆలస్యమైంది. డెస్క్ ఇన్‌ఛార్జి వచ్చి "ఏంటయ్యా, పరీక్ష రాస్తున్నావా?" అన్నారు.

మంగళవారం సగం చూశాను. బుధవారం... ఇది చెప్పాలంటే సిగ్గే. కుర్చీలో కూర్చునే 17 గళ్లకూ గబగబా టిక్కులు పెట్టేశాను. పేజీ పంపబోతుంటే డీటీపీ కుర్రాడు "సార్, పైన తేదీ నిన్నటిదే ఉంది" అన్నాడు. నా లిస్టులో మొదటి అంశమే అది. పక్కన నీటుగా టిక్కు.

అంతకు ముందు రోజు చదివిన పేజీలు అప్పుడు గుర్తొచ్చాయి. గవాండే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఆపరేషన్లకు లిస్టు తయారు చేసినప్పుడు, మొదటి ప్రతిని తన సొంత థియేటర్లో వాడి చూసి, ఆ రోజు గడిచేలోపే వదిలేయాల్సి వచ్చింది. పొడుగెక్కువ, స్పష్టత తక్కువ. దిద్ది దిద్ది 19 అంశాలకు తెచ్చారు, అవీ మూడు విడతలుగా: మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని బయటకు తీసుకెళ్లే ముందు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో వాడి చూస్తే, ఆపరేషన్ అయ్యాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. 2009లో ఆ వివరాలు బయటికొచ్చాయి. ఒక్క విడతలో ఐదు నుంచి తొమ్మిది అంశాలు మించకూడదనీ, నిమిషం నిమిషంన్నరలో అయిపోవాలనీ పుస్తకంలో ఉంది. దాని కింద కూడా నా ఆకుపచ్చ గీత ఉంది!

గురువారం పొద్దున లిస్టును మళ్లీ రాశాను. రెండు ప్రశ్నలు వేసుకున్నాను. ఈ తప్పు మా పేజీలో ఎప్పుడైనా నిజంగా జరిగిందా? నా తర్వాత దీన్ని పట్టుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అక్షరదోషాలకు ప్రూఫ్ రీడర్ ఉన్నాడు, కార్టూన్ సైజుకు ఆర్టిస్టు ఉన్నాడు. రెండో ప్రశ్నతోనే సగం ఎగిరిపోయాయి. చివరకు ఆరు మిగిలాయి: పైన తేదీ, ఒక్కో ఫొటో కింద పేరు ఫొటోగ్రాఫర్ కాగితంతో సరిపోయిందా, హెడ్డింగులోని పేరు లోపలి పేరూ ఒకటేనా, ఫోన్ నంబర్లు, లెక్కల మొత్తాలు, 'తరువాయి' పేజీ నంబరు.

ఇంకో మార్పు కూడా చేశాను. డీటీపీ కుర్రాడు ఒక్కో అంశం పైకి చదువుతాడు. నేను ప్రింటవుట్ మీద వేలు పెట్టి జవాబు చెబుతాను. ఒక్కణ్నే ఉంటే టిక్కు పెట్టడం తేలిక, ఎదురుగా మనిషి అడుగుతుంటే అబద్ధం ఆడటం కష్టం. మొదటి రోజు వాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. నాలుగు నిమిషాల్లో అయింది.

శుక్రవారం ఒకటి దొరికింది. మిద్దె తోటల కథనంలో ఫోన్ నంబరుకు తొమ్మిది అంకెలే ఉన్నాయి. శనివారం ఏమీ దొరకలేదు.

ఆదివారం కుడి పేజీ అడుగున రాసిందిది: 'పట్టింది 1, ఫోన్ నంబరు. జారింది 1, తేదీ, బుధవారం, కూర్చుని టిక్కు పెట్టినందుకు. సమయం 4 నిమిషాలు. ఉంచాలి, ఆరు అంశాలతో, ఇద్దరం కలిసి.'

ఈ ఆదివారం లైను లేకపోతే వారం మొత్తం గాల్లో పోతుంది. దాన్ని రాసేటప్పుడే తెలిసిపోతుంది, మనం చేశామో చేశామనుకున్నామో. ఏ రోజు, ఏ పనిలో, ఏం మారిందో రాయగలిగితే చేసినట్టు. 'బాగా జరిగింది' అని కలం ఆగిపోతే ఏమీ జరగలేదన్నమాట. నా నోటు పుస్తకంలో అలాంటి 'బాగా జరిగింది'లు రెండున్నాయి. చదివితే ఆ వారాల్లో నేనేం చేశానో నాకే గుర్తు లేదు.

ఒక్క వారంలో ఒక్క తప్పు దొరికినంత మాత్రాన పద్ధతి గొప్పదని తేలిపోదు, అది కాకతాళీయమూ కావచ్చు. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు ఆ ఆపరేషన్ లిస్టును అమల్లోకి తెచ్చాక లెక్కలు తీస్తే, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 2014లో తేలింది. లిస్టు పనికిరాదా, లేక టిక్కులే పడ్డాయా అని డాక్టర్లు చాలా వాదించుకున్నారు. నా బుధవారం గుర్తొచ్చి నేను రెండో పక్షం వైపు మొగ్గుతాను, కానీ అది నా మొగ్గే. అందుకే ఉంచాలి అనుకున్నదాన్ని నాలుగు వారాల తర్వాత మళ్లీ ఓసారి తిరగేస్తాను. అప్పటికీ నడుస్తుంటేనే నిలబడ్డట్టు.

* * *

ఇప్పటికి పదకొండు వారాలైంది. నిలబడ్డవి నాలుగు. ఐదు వదిలేశాను. రెండు మొదలే పెట్టలేదు. ఫ్రాంక్లిన్‌తో పోలిస్తే పర్లేదనుకుంటాను. ఆయన పెద్దయ్యాక మితం, మౌనం, క్రమం లాంటి పదమూడు గుణాలు రాసుకుని, వారానికి ఒక్కదాని మీదే గురిపెట్టేవాడు. ఓ చిన్న పుస్తకంలో రోజుకో గడి, తప్పు చేసిన రోజున ఓ నల్ల చుక్క. పదమూడు వారాలకు ఒక విడత, ఏడాదికి నాలుగు విడతలు. చుక్కలు గీకేసి మళ్లీ మొదలుపెట్టీ పెట్టీ కాగితాలకు చిల్లులు పడ్డాయట! తర్వాత తుడిస్తే పోయేలా దంతపు రేకుల మీదికి మార్చుకున్నాడు. అంతా చేసి కూడా వస్తువుల్ని చోట్లో పెట్టడం, వేళకు పని చేయడం అన్న 'క్రమం' మాత్రం తనకు ఎప్పటికీ పట్టుబడలేదని ఒప్పుకున్నాడు. నా బల్ల చూసినవాళ్లకు నా పరిస్థితి చెప్పక్కర్లేదు.

అన్ని పుస్తకాలకూ ఈ కుడి పేజీ పనికిరాదు. దేశ విభజన చరిత్ర చదివి ఈ వారం ఏం 'అమలు' చేస్తాం? అలాంటివాటికి ఎడమ పేజీ చాలు. మరీ కావాలంటే ఇంట్లో పెద్దవాళ్లను అడగడానికి ఓ ప్రశ్న రాసుకోవచ్చు. డబ్బు పుస్తకాలకు వారం చాలదు. ఖర్చులు రాయడం మొదలుపెట్టవచ్చు గానీ, పెట్టుబడి సలహా మంచిదో కాదో ఏడు రోజుల్లో తేలదు, తేలిందనుకుంటేనే ప్రమాదం. ఆరోగ్యం పుస్తకాల దగ్గర ఇంకా భయం. బాబాయి ఎవరిదో ఆహారం పుస్తకం చదివి, నా పద్ధతి చూసి ముచ్చటపడి, 'ఈ వారం షుగరు మాత్రలు ఆపి చూస్తానురా' అన్నాడు. పిన్ని వెంటనే నాకు ఫోను చేసింది. పుస్తకాన్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి చూపించడమే ఆ వారం పని అని ఇద్దరం కలిసి ఒప్పించాం. డాక్టరు మాత్రలు ఆపొద్దని, రాత్రి అన్నం తగ్గించమని చెప్పి పంపాడట. ఇప్పుడు బాబాయి గళ్లు గీసుకుని అదే చేస్తున్నాడు. చుక్కలు ఎన్ని పడ్డాయో మాత్రం చెప్పడు.

మంగళగిరి సంగతి మిగిలిపోయింది. పాత పేజీ ఫైలు తీయించి, పేర్లు సరిచేయించి, మంచి కాగితం మీద పది ప్రింట్లు తీసి పోస్టులో పంపాను. వారం తర్వాత ఫోను.

"అందాయి బాబూ. నా పేరు నాకు పెట్టారు, ఆవిడది ఆవిడకు పెట్టారు. మనవరాలికి పంపాను" అని కాసేపు ఆగింది. "ఇంకోటి చెప్తే ఏమనుకోరుగా... మా ఇంటిపేరులో ఒత్తు లేదు. మీరు ఒత్తు పెట్టారు."

నా కాపీలో మొదటి రోజు నుంచీ అలాగే ఉంది. ఫొటోగ్రాఫర్ కాగితంలోనూ అలాగే ఉంది. ఆరు అంశాల్లో ఏదీ దాన్ని పట్టుకోలేదు. ఈ వారం కుడి పేజీ మీద ఏడోది రాశాను: 'మాట్లాడిన మనిషి చేతే పేరు రాయించుకోవాలి, రాయడం రాకపోతే చదివి వినిపించాలి.' సోమవారం గడిలో గుర్తు పడింది. మంగళవారం మరిచిపోయాను.